క్లాసులో పిల్లవాణ్ణి ఏడిపిస్తున్నారని టీచర్‌కి చెప్పడం ఎలా

నేను పదకొండేళ్లు నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెప్పాను. పొద్దున్నే గేటు దగ్గర నన్ను ఆపి, "మీ క్లాసులో మావాణ్ణి బతకనివ్వడం లేదండీ" అన్న తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ ఆ మాటలో నా చెవికి ముందుగా తగిలేది "మీ క్లాసులో" అన్న ముక్కే. పిల్లవాడి సంగతి ఆలోచించే లోపే నా తప్పేమీ లేదని చెప్పుకోవడానికి మాటలు వెతుక్కునేదాన్ని. ఇంతలో బెల్ మోగేది. వాళ్లు చెప్పాల్సింది చెప్పేశామనుకుని వెళ్లిపోయేవాళ్లు. నేను క్లాసులోకి వెళ్లి నలభైమంది ముందు నిలబడితే, ఎక్కడ చూడాలో, ఎవరిని గమనించాలో నాకేమీ తెలిసేది కాదు.

తర్వాత మా అక్క కొడుక్కి ఇదే ఎదురైంది. అక్క నాకు ఫోన్ చేసి, "రేపు వెళ్లి ఆ టీచర్‌ని నిలదీస్తాను" అంది. ఒక్క వారం ఆగమన్నాను. ఆ వారంలో ఏం చేశామో, ఆ తర్వాత టీచర్‌తో మాట ఎలా నడిచిందో ఇక్కడ వరసగా చెబుతాను. ఎవరు తప్పు చేశారో తేల్చి చెబితే టీచర్‌కి పెద్దగా పనికిరాదు. ఎప్పుడు, ఎక్కడ కన్నేసి ఉంచాలో చెబితే ఆ రోజే పని మొదలుపెట్టగలదు.

ఒక్క మినహాయింపు ఉంది. దెబ్బలు తగిలినా, బెదిరించినా, ఒంటిమీద చేతులు వేసినా, పిల్లవాడు చచ్చిపోవాలని ఉందన్నట్టు మాట్లాడినా వారం ఆగకండి. అదే రోజు టీచర్‌కీ, ప్రిన్సిపాల్‌కీ ఇద్దరికీ చెప్పండి. కింద చెప్పే నిదానమంతా వెక్కిరింపులు, పేర్లు పెట్టి పిలవడం, వస్తువులు దాచడం, ఆటలోకి రానివ్వకపోవడం లాంటి వాటికే. క్లాసుల్లో ఎక్కువగా జరిగేవీ, టీచర్ కంటికి తక్కువగా కనపడేవీ ఇవే.

ముందు పిల్లవాడు చెప్పేది వినడం

అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. రాయడంలో నిదానం. క్లాసులో వాడికి "నత్త" అని పేరు పడింది. ఆ సంగతి కూడా వాడంతట వాడు చెప్పలేదు. గురువారం పొద్దున కడుపునొప్పి అంటే అక్క మొదట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. రెండోసారీ అదే రోజు అదే నొప్పి వచ్చేసరికి అనుమానం వచ్చింది.

ఇక్కడ మనం చేసే మొదటి పొరపాటు ప్రశ్నలోనే ఉంటుంది. "ఎవరైనా కొట్టారా? వాడేనా? రోజూ కొడుతున్నాడా?" అని అడిగితే పిల్లలు మన మొహం చూసి జవాబిస్తారు. అమ్మ అంత కంగారు పడుతోందంటే అవునని తల ఊపేస్తారు, లేదంటే భయపడి ఏమీ లేదంటారు. రెండు రోజుల తర్వాత టీచర్ పిలిచి అడిగితే వాడు ఇంకోలా చెబుతాడు. అప్పుడు మీ మాట మొత్తం తేలిపోతుంది. జవాబు లోపలే దాగున్న ప్రశ్నలు మానేసి, "గేమ్స్ పీరియడ్‌కి వెళ్లేటప్పుడు ఏం జరుగుతుంది?", "తర్వాత?", "అప్పుడు నువ్వేం చేశావు?", "దగ్గర ఇంకెవరున్నారు?" అని అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి విచారణలా చేయకండి. బట్టలు మడతపెడుతూనో, కలిసి నడుస్తూనో అడిగితే ఎక్కువ చెబుతారు.

వాడు తప్పకుండా అనే మాట ఒకటుంది. "టీచర్‌కి చెప్పొద్దమ్మా." చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే ఆ మాట మీరు తప్పాల్సిందే. ఎందుకు వద్దంటున్నావని అడగండి. చాలావరకు పిల్లలు భయపడేది టీచర్ క్లాసులో అందరి ముందూ లేపి, "నిన్ను ఎవరు ఏడిపించారు?" అని అడుగుతుందేమోననే. అలా అడిగితే చాడీలు చెప్పేవాడని ఇంకో పేరు పడుతుంది. ఆ భయం నిజమైనదే. "నీ పేరు అందరి ముందూ ఎత్తొద్దని టీచర్‌కి ముందే చెబుతాను" అని మాట ఇవ్వండి. అది మీ చేతుల్లో ఉన్న మాట. మా వాడు దానికి ఒప్పుకున్నాడు.

వారం రోజులు రాసుకోవడం

ఒక కాగితం మీద తేదీ, సమయం, చోటు, ఏం అన్నారు లేదా ఏం చేశారు, దగ్గర ఎవరున్నారు, పిల్లవాడు ఏం చేశాడు అన్నవి రాయండి. పక్కనే అది పిల్లవాడు చెప్పిందా, మీరు చూసిందా, మీ ఊహా అన్నది కూడా రాయండి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మీటింగ్‌లో మిమ్మల్ని నిలబెట్టేది అదే.

అక్క రాసిన కాగితం ఇలా ఉంది:

మంగళవారం, 4వ తేదీ. గేమ్స్ పీరియడ్‌కి లైనులో దిగుతూ మెట్ల దగ్గర. వెనకనుంచి ఇద్దరు "నత్తా, జరుగు" అన్నారు. బాబు ఏమీ అనలేదు. (బాబు చెప్పింది)

గురువారం, 6. అదే చోటు. వాటర్ బాటిల్ లాక్కుని ఒకరి నుంచి ఒకరికి విసురుకున్నారు. గ్రౌండ్‌కి చేరాక తిరిగిచ్చారు. (బాబు చెప్పింది) బాటిల్ మూత పగిలి ఉంది. (నేను చూసింది)

శుక్రవారం, 7. ఏమీ జరగలేదన్నాడు. మామూలుగానే ఉన్నాడు.

మంగళవారం, 11. మళ్లీ లైనులో. గ్రౌండ్‌లో జట్లు వేసుకునేటప్పుడు ఎవరూ పిలవలేదు, గోడ పక్కన కూర్చున్నాడు. (బాబు చెప్పింది)

బుధవారం, 12. ఏమీ జరగలేదు.

గురువారం, 13. పొద్దున కడుపునొప్పి అన్నాడు. స్కూలు మాన్పించాను. పది గంటలకల్లా ఆడుకుంటున్నాడు. (నేను చూసింది)

ఏమీ జరగని రోజులు కూడా రాయమని నేనే చెప్పాను. అక్కకి అది నచ్చలేదు. "మన కేసు మనమే బలహీనం చేసుకోవడం కదా" అంది. కానీ ఖాళీ రోజులు ఉండబట్టే జబ్బు ఎక్కడుందో బయటపడింది. గొడవంతా మంగళ, గురువారాల్లోనే ఉంది. ఆ రెండు రోజులూ గేమ్స్ పీరియడ్. అదీ లైనులో దిగేటప్పుడు. టీచర్ లైను ముందు నడుస్తుంది, మా వాడు చివర ఉంటాడు, చివర పెద్దవాళ్లు ఎవరూ ఉండరు. "రోజూ ఏడిపిస్తున్నారు" అని అక్క అనుకున్నది నిజం కాదు. రోజూ అని టీచర్‌తో అని ఉంటే, ఆమె క్లాసులో రెండు రోజులు గమనించి, "ఏమీ కనపడలేదే" అనేది. అది అబద్ధం కూడా అయ్యేది కాదు.

పిల్లలు పిల్లల్ని బాధించే చోట్లు దాదాపు ఇలాంటివే. పీరియడ్ మారే ఐదు నిమిషాలు, మెట్లు, టాయిలెట్లు, వెనక బెంచీలు, బస్సు. మీ కాగితంలో ఏ చోటూ తేలకపోతే ఈ చోట్ల గురించి పిల్లవాణ్ణి విడివిడిగా అడగండి.

ఇది గొడవా, వేధింపా?

ఇద్దరు సమఉజ్జీలు కొట్టుకుని రెండు రోజుల్లో కలిసిపోతే అది గొడవ. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వవేత్త 1970ల నుంచి ఈ విషయం మీదే పరిశోధన చేశారు. బుల్లీయింగ్ అనడానికి ఆయన చెప్పిన మూడు గుర్తులనే ఇప్పటికీ ఎక్కువమంది వాడతారు. కావాలని బాధపెట్టడం, అది మళ్లీ మళ్లీ జరగడం, బాధపడేవాడు ఎదురు నిలవలేనంతగా బలంలో తేడా ఉండడం. బలమంటే కండబలమే కానక్కర్లేదు. నలుగురు ఒక్కడి మీద పడడం కూడా అదే.

మొదటి గుర్తు జోలికి తల్లిదండ్రులు వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కావాలని చేశాడా, సరదాకి చేశాడా అన్నది ఇంట్లో కూర్చుని మనం తేల్చలేం. టీచర్‌తో అక్కడే వాదన మొదలవుతుంది. ఎన్నిసార్లు జరిగింది, ఎంతమంది ఉన్నారు, మనవాడు ఏం చేయగలిగాడు అన్నవి కాగితంలో ఉన్నాయి కదా, అవి చాలు. మీటింగ్‌లో బుల్లీయింగ్ అన్న పదం కూడా వాడక్కర్లేదు. జరిగింది చెబితే ఆ పదం టీచరే వాడుతుంది.

సమయం అడగడం

గేటు దగ్గర వద్దు, పిల్లవాడి డైరీలో వద్దు (డైరీ పిల్లలందరూ తిరగేస్తారు), పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. గ్రూపులో పెడితే అవతలి పిల్లవాడి తల్లిదండ్రులు పది నిమిషాల్లో చూస్తారు. ఇక ఆ తర్వాత పెద్దవాళ్ల గొడవే తప్ప పిల్లల సంగతి ఎవరికీ పట్టదు. వాళ్లకు నేరుగా ఫోన్ చేయడం కూడా దాదాపు ఎప్పుడూ ఇలాగే ముగుస్తుంది.

టీచర్‌కి విడిగా చిన్న మెసేజ్ చాలు. అక్క పంపింది ఇది:

"నమస్కారం మేడమ్. బాబు ఈమధ్య మంగళ, గురువారాల్లో స్కూలుకి రావడానికి జంకుతున్నాడు. వాడు చెప్పిన కొన్ని విషయాలు మీకు చెప్పి, మీరు గమనించింది కూడా తెలుసుకోవాలనుకుంటున్నాను. ఈ వారంలో మీకు వీలైనప్పుడు ఇరవై నిమిషాలు ఇవ్వగలరా? దయచేసి ఈలోపు బాబుని క్లాసులో దీని గురించి అడగవద్దు."

ఇందులో ఎవరి పేరూ లేదు, ఫిర్యాదు అన్న మాటా లేదు. విషయం మాత్రం ఉంది. "మీతో ఒక ముఖ్యమైన సంగతి మాట్లాడాలి" అని ఊరికే రాస్తే టీచర్‌కి రెండు రోజులు టెన్షన్. ఆమె సమాధానాలు సిద్ధం చేసుకుని వస్తుంది. ఇది నా అనుభవమే.

మీటింగ్‌లో

కాగితం రెండు కాపీలు తీసుకెళ్లండి. ఇంట్లోంచి ఒకరో ఇద్దరో వెళ్లండి, నలుగురు వద్దు. పిల్లవాణ్ణి బయటే ఉంచండి.

మొదటి రెండు మూడు వాక్యాలు ఇంట్లోనే అనుకుని వెళ్లడం మంచిది. అక్క ఇలా మొదలుపెట్టింది: "మేడమ్, ఇదంతా బాబు చెప్పిందే, నేను చూసింది కొంచెమే. నాకు తెలిసింది సగమే అయ్యుండొచ్చు. ముందు కాగితం చూడండి, తర్వాత మీరు చూసింది చెప్పండి." తర్వాత కాగితం ఇచ్చి మాట్లాడకుండా కూర్చుంది. చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు ఊరుకోవడం కష్టమే కానీ, టీచర్ తనంతట తాను "మంగళ, గురువారాలంటే గేమ్స్ కదా" అంది. మనం చెబితే అది ఆరోపణలా వినపడేది. ఆమే అనేసరికి ఆమె కనిపెట్టిన విషయం అయిపోయింది.

అవతలి పిల్లల గురించి చెప్పేటప్పుడు వాళ్లు చేసిన పని చెప్పండి, వాళ్లు ఎలాంటివాళ్లో చెప్పకండి. "ఆ పిల్లవాడు రౌడీ" అంటే వాదన. "6వ తేదీన బాటిల్ తీసుకుని విసిరాడని బాబు చెప్పాడు" అంటే సమాచారం. పేర్లు టీచర్ అడిగినప్పుడు చెబితే చాలు. "మీరు పట్టించుకోవడం లేదు" అనాలనిపించిన చోట "ఇది లైను చివర జరుగుతోంది, మీరు ముందు ఉంటారు కాబట్టి కనపడే వీల్లేదు" అనండి. చాలాసార్లు నిజం కూడా అదే.

మా అక్కకి ఒక చిక్కు ఉంది. నత్త అన్న మాట ఎక్కడ మొదలైందని అడిగితే, ఒకరోజు టీచరే "నత్తలా రాస్తే ఎలా, త్వరగా కానివ్వు" అందని బాబు చెప్పాడు. అక్క ఆ మాట ముఖం మీదే అడిగేద్దామనుకుంది. నేను అలా వద్దన్నాను, కానీ అది పూర్తిగా దాచిపెట్టినా తప్పే అన్నాను, ఎందుకంటే ఆ పేరు ఆగాలంటే టీచర్‌కి తెలియాలి. చివరికి ఇలా చెప్పింది: "క్లాసులో త్వరగా రాయమన్నప్పుడు ఈ పేరు వచ్చిందని బాబు అంటున్నాడు. ఎవరు ఏ ఉద్దేశంతో అన్నారో నాకు తెలీదు. పిల్లలు మాత్రం దాన్ని పట్టుకున్నారు." టీచర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనే అని ఉంటానండీ" అంది. ఎవరన్నారో వేలెత్తి చూపకుండా, ఏ సందర్భమో మాత్రం చెప్పడం వల్లే ఆమెకు ఒప్పుకునే దారి దొరికింది.

అన్నిసార్లూ ఇంత సాఫీగా జరగదు. "నేనెప్పుడూ చూడలేదండీ" అంటే, "అందుకే వచ్చానండీ, ఏ సమయంలో చూడాలో చెబుదామని" అనండి. "పిల్లలన్నాక ఇవన్నీ మామూలే" అంటే వాదించకుండా కాగితం వైపు తిప్పండి: "కావచ్చు. కానీ వారంన్నరలో మూడుసార్లు ఒకేచోట జరిగింది, ఒకరోజు స్కూలు మానేశాడు. దానికేం చేద్దాం?" అన్నిటికంటే కష్టమైనది మూడోది: "మీవాడు కూడా తక్కువేం కాదు." మాకూ అది ఎదురైంది. 11వ తేదీన మెట్ల మీద బాబు ఒక పిల్లవాణ్ణి నెట్టాడట. వాడు ఇంట్లో చెప్పలేదు. అక్క మొహం ఎర్రబడింది కానీ, "అది నాకు తెలీదు మేడమ్, రాసుకుంటాను, ఇంట్లో మాట్లాడతాను" అని అక్కడే కాగితంలో రాసింది. ఆ ఒక్క పనితో మీటింగ్ స్వరం మారిపోయింది. మనవాడి తప్పు ఒప్పుకుంటే మిగతాదంతా చెల్లకుండా పోతుందన్న భయం అక్కర్లేదు. తనను వారాల తరబడి ఏడిపిస్తుంటే ఒకరోజు పిల్లవాడు నెట్టడం వింతేమీ కాదు.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

శిక్ష అడగకండి. అవతలి పిల్లవాడికి ఏం శిక్ష వేశారో చెప్పమని కూడా అడగకండి. వేరే పిల్లల విషయాలు టీచర్ మీకు చెప్పకూడదు, మీ పిల్లవాడివి వాళ్లకూ చెప్పకూడదు. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పించి చేయి కలిపించడం చాలామంది టీచర్లకు అలవాటు. నేనూ చేశాను. సమానమైన గొడవలో అది పనిచేస్తుంది. ఒకడి వెనక నలుగురున్నప్పుడు మాత్రం ఆ సారీకి బదులు లైను చివర తీర్చుకుంటారు. టీచర్ ఆ మాట ఎత్తితే, "ఇప్పుడే వద్దండీ, ముందు విడివిడిగా మాట్లాడితే బాగుంటుందేమో" అనండి.

అడగాల్సినవి చిన్నవి, రేపే చేయగలిగేవి. మేము మూడే అడిగాం. మంగళ, గురువారాల్లో టీచర్ లైను మధ్యలో నడవడం, బాబుని చివరినుంచి ముందుకు మార్చడం, ఏదైనా జరిగితే వాడు నిశ్శబ్దంగా వెళ్లి చెప్పుకోగల ఒక పెద్దమనిషి ఎవరో తేల్చడం. నాలుగోది టీచరే కలిపింది. లైనులో, ఆటలో వాడికి తోడుగా ఒక మంచి పిల్లవాణ్ణి ఉంచుతానంది. ఆ ఆలోచన మంచిదే. కెనడాలో పరిశోధకులు ఆటస్థలాల్లో వీడియో తీసి గమనించి, 2001లో ప్రచురించిన అధ్యయనంలో, పక్కనున్న పిల్లలు కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో ఏడిపించడం పది సెకన్లలోపే ఆగిపోయింది. కాకపోతే వాళ్లు కల్పించుకునేది అరుదు.

లేచేముందు మళ్లీ ఎప్పుడు మాట్లాడుకోవాలో తేదీ అడగండి. రెండు వారాలు సరిపోతుంది. "చూద్దాం లెండి" దగ్గర ఆపేస్తే ఆ చూడడం ఎప్పటికీ రాదు.

అదే రోజు సాయంత్రం

అనుకున్నవి మెసేజ్‌లో పెట్టండి. "మేడమ్, సమయం ఇచ్చినందుకు థాంక్స్. మనం అనుకున్నవి: లైను మధ్యలో మీరు నడుస్తారు, బాబు ముందు ఉంటాడు, ఏదైనా ఉంటే నేరుగా మీకు చెప్పుకోవచ్చు, ఆటలో ఒక స్నేహితుడు తోడు. నెట్టిన సంగతి మేము ఇంట్లో మాట్లాడతాం. 31న మళ్లీ కలుద్దాం. నేనేదైనా తప్పుగా రాస్తే చెప్పండి." చివరి వాక్యం మర్యాదకే కాదు. తప్పేమీ లేదని ఆమె జవాబిస్తే, ఇద్దరూ ఒప్పుకున్నదానికి రాతలో గుర్తు ఉంటుంది.

కాగితం రాయడం ఆపకండి. మొదటి వారం పరిస్థితి కాస్త ముదరవచ్చు. ఎవరు చెప్పారో తెలిసిపోతే "చాడీలకోరు" మొదలవుతుంది. అది కనపడితే 31 దాకా ఆగకుండా ఆ రోజే ఒక లైను మెసేజ్ పెట్టండి. ఇంట్లో మాత్రం రోజూ బడినుంచి రాగానే "ఈరోజు ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని అడగకండి. మా అక్క మూడు రోజులు అడిగింది. నాలుగో రోజు వాడు బ్యాగు పడేసి గదిలోకి వెళ్లిపోయాడు.

మా విషయంలో బాటిల్ లాక్కోవడం వారంలోనే ఆగింది. కడుపునొప్పి ఒక్కసారి మళ్లీ వచ్చింది, తర్వాత లేదు. పేరు మాత్రం తొందరగా పోలేదు. టీచర్ అందరి ముందూ దాన్ని ప్రస్తావించకుండా, వాడి అసలు పేరు కాస్త ఎక్కువసార్లు పలకడం మొదలుపెట్టింది. 31న కలిసినప్పుడు, ఒక ఇద్దరు ఇంకా అంటున్నారని ఆమే చెప్పింది.

ఏమీ కదలకపోతే

రెండో మీటింగ్ నాటికి అనుకున్న వాటిలో ఒక్కటీ జరగకపోయినా, అదే పని అదే చోట నడుస్తున్నా పైకి వెళ్లాలి. టీచర్‌కి తెలియకుండా మాత్రం వెళ్లకండి. "మేడమ్, ఇది ఇంకా ఆగలేదు కాబట్టి ప్రిన్సిపాల్ గారి సాయం కూడా అడుగుదామనుకుంటున్నాను, మీరూ ఉంటే బాగుంటుంది" అని చెప్పి వెళ్లండి. ప్రిన్సిపాల్ ముందు కూడా కొత్త కథ వద్దు. అదే కాగితం, అదే మెసేజ్, తేదీలతో సహా. టీచర్ మీద ఫిర్యాదుగా కాకుండా, "17న ఇవి అనుకున్నాం, 31 దాకా ఇవి జరిగాయి, ఇవి జరగలేదు" అని చెప్పండి. స్కూల్లో వేధింపులపై రాతపూర్వక నియమాలు ఉంటే ఆ కాపీ అడగండి. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో కూడా అప్పుడే అడిగి రాసుకోండి.